ఊ అంటే ఇంటిపేరు కాదు

మా బావ ఎడ్విన్ రాజు ఇండియాలో ఎప్పుడూ కాలుపెట్టలేదు. వాళ్ల నాన్నా పెట్టలేదు. తాత మాత్రం సోంపేట దగ్గర్నించి ఓడెక్కి, రంగూన్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. అయినా బావ తాను ఎన్నారైనని ముప్ఫయ్యేళ్లుగా నమ్ముతున్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా "మన ఎన్నారై సంఘం" అని మొదలుపెట్టి, దేవుణ్ణి రెండో వాక్యంలోకి నెట్టేవాడు.

నేనతని బావమరిదిని, రూబెన్‌ని. రంగూన్‌ని ఇప్పుడు యాంగూన్ అంటారు, అందులో లత అనే పేటలో జనరేటర్లు బాగుచేస్తాను. ఎనభై ఎనిమిదిలో గొడవలకి బడి మూశారు. మళ్లీ తెరిచేసరికి నేను గ్రీజులో మోచేతుల దాకా మునిగిపోయి ఉన్నాను. రెండువేల ఇరవై ఒకటిలో సైన్యం మళ్లీ వచ్చి కూర్చున్నాక ఊరందరి బతుకూ చీకటి పడింది, నాకు మాత్రం గిరాకీ పెరిగింది. కరెంటు లేని దేశంలో జనరేటర్ మెకానిక్కే జమీందారు. దేవుడి హాస్యం ఇలాగే ఉంటుంది.

నా మేనకోడలు ఎస్తేరు రాణి సంగతి వేరు. ఆ పిల్లకి బుర్ర ఉంది. అది తల్లి వైపు నుంచి వచ్చిందని నేను, కాదని బావ. సైన్యం నడిపే యూనివర్సిటీకి వెళ్లనని ఇంట్లో కూర్చుంది. కూర్చున్నా ఊరుకోలేదు, ప్రైవేటుగా బ్రిటిష్ వాళ్ల ఏ-లెవెల్ పరీక్షలు రాసి లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడింట్లోనూ మంచి గ్రేడ్లు తెచ్చుకుంది. ఈలోగా, సైన్యానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపుల్లో ఆమె పక్కన నడిచిన స్నేహితురాల్ని ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ఆ తరవాత వార్డు ఆఫీసు మనిషి మా అక్క వెరోనికాని అడిగాడు, "మీ అమ్మాయి ఇంట్లోనే ఉంటోందా?" అని. చాలా మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే మా అక్క ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

పిల్లని ఇండియా పంపాలి. పంపాలంటే సీటు కావాలి. సీటు కోసం మణిమాల దగ్గరికి వెళ్లాం.

మణిమాల ఆఫీసు లతలో ఒక మందుల షాపు పైన. విదేశీ చదువుల కన్సల్టెన్సీ. చిన్న వయసే, కానీ మాట్లాడితే తాసిల్దారే. ఆ రోజు వాళ్ల జనరేటర్ కూడా మొరాయించడంతో నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని మూల కూర్చుని అంతా విన్నాను.

భీమిలి దారిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అందులో చూద్దామంది మణిమాల.

"మెరిట్ సీటు రాదా?" అన్నాడు బావ. "మా గుంటకొచ్చిన మార్కులు సూడు."

"మార్కులు కాదు అంకుల్. అక్కడ వందలో డెబ్బై సీట్లు కన్వీనర్ కోటా. ఎంట్రెన్సులో ర్యాంకు ఉండాలి, గవర్నమెంటు కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ఈవిడ ఆ పరీక్షే రాయలేదు కదా."

"మరి స్పోర్ట్స్?" బావ సంచిలోంచి పతకాలు తీసి బల్ల మీద పోశాడు. ఎస్తేరు రాణి సెపక్ తక్రా ఆడేది. గాల్లోకి లేచి కాలితో బంతిని నెట్ అవతలికి కొట్టే ఆట. యాంగూన్ జట్టులో రెండేళ్లు ఉంది. పతకాలు గలగల్లాడాయి. కింద మందుల షాపువాడు చిల్లర అనుకుని పైకి చూశాడట.

మణిమాల ఒకటి తీసి తిప్పి చూసింది. "బాగున్నాయి అంకుల్. కానీ స్పోర్ట్స్ సీట్లు ఆ కన్వీనర్ కోటాలోంచే ఒక ముక్క. ర్యాంకు అందులోనూ ఉండాలి. పైగా సర్టిఫికెట్లు ఇండియా టోర్నమెంట్లవి, అక్కడి ఫెడరేషన్లవి. అక్కడి స్పోర్ట్స్ అథారిటీ ఒక్కొక్కటీ వెరిఫై చేసి, ఎవరిది పెద్ద లెవెలో వరస వేస్తాది. బర్మా మెడల్స్ అక్కడ..."

"మొలతాడుకి కట్టుకోడానికి బాగుంటాయి," అన్నాన్నేను మూలనించి.

బావ నన్ను చూసిన చూపుకి జనరేటర్ స్టార్ట్ అవ్వాల్సింది. అవ్వలేదు.

"మేనేజ్‌మెంట్ కోటా?"

"మిగతా ముప్ఫై శాతం అదే. కాలేజీయే పేపర్లో నోటిఫికేషనిచ్చి నింపుతాది. డబ్బులిస్తే చాలని అందరూ అనుకుంటారు గానీ, దాంట్లోనూ ముందు జేఈఈ ర్యాంకు, తర్వాత వాళ్ల ఎంట్రెన్సు, ఆ తర్వాత ఇంటర్ మార్కులు చూస్తారు. లిస్టుని అక్కడి ఉన్నత విద్యామండలి ఒప్పుకోవాలి. ఒప్పుకోపోతే సీటుండదు. ఎన్నారై సీట్లూ ఈ ముప్ఫైలోనే, సగం దాకా. వాటికి ఎంట్రెన్సు అక్కర్లేదు. మార్కులు సగానికి పైన ఉంటే సరిపోద్ది."

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్ఫయ్యేళ్లుగా ఎదురుచూసిన ముహూర్తం వచ్చినట్టు. "మరదే సెప్పవేటమ్మా! మేం ఎన్నారైలమే."

మణిమాల నెమ్మదిగా అడిగింది. "మీ పాస్‌పోర్టు ఏ రంగు అంకుల్?"

"ఎరుపు."

"ఇండియా పాస్‌పోర్టు నీలం. ఎన్నారై అంటే ఇండియా పౌరుడై ఉండి బయటి దేశంలో ఉన్నోడు. మీరు ఇక్కడి పౌరులు."

"అయితే మరి మేమేటి?"

"ఫారినర్స్."

గదిలో ఫ్యాన్ తిరగడం లేదు కాబట్టి ఆ మాట చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఆమె తప్పుగా ఏమీ చెప్పలేదు. విదేశీయుల కోసం వేరే తలుపు ఉందని కూడా చెప్పింది. సూపర్‌న్యూమరరీ సీట్లంటారట, అంటే అసలు సీట్ల పైన అదనంగా వేసినవి, నూటికి పదిహేను. ఆ కాలేజీకి వాటికి పర్మిషన్ ఉంది. విదేశీ పిల్లలు రాకపోతే అవి ఖాళీగానే ఉంటాయి, వేరే వాళ్లకివ్వడానికి లేదు. కావలసినవి పాస్‌పోర్టు, ఏ-లెవెల్ మన ఇంటర్‌కి సమానమని ఢిల్లీలో యూనివర్సిటీల సంఘం ఇచ్చే సర్టిఫికెట్, కాలేజీ ఉత్తరం వచ్చాక స్టూడెంట్ వీసా, దిగాక పద్నాలుగు రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పేరు. ఆ సమానం సర్టిఫికెట్ అప్పటికే వచ్చేసింది. "ఇది సుబ్బరంగా అవుతాది అంకుల్," అంది.

"నా కూతురు వాళ్ల తాత పుట్టిన దేశానికి ఫారినర్‌లాగ ఎల్లదు." బావ లేచాడు. "ఎన్నారై స్పాన్సర్ చేస్తే సాలంట కదా?"

"సొంత రక్తసంబంధం అయ్యుండాలి. ఆయన పాస్‌పోర్టు, ఇక్కడ ఉంటున్నట్టు కాగితం, ఎంబసీ నుంచి ఎన్నారై అని సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, పిల్ల తనకేమవుతాదో నోటరీ ముందు అఫిడవిట్. అయినా పిల్ల పాస్‌పోర్టు ఎర్రదే కదా, అంకుల్..."

బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

యాంగూన్ తెలుగువాళ్లలో నాకు తెలిసి నీలం పాస్‌పోర్టున్న మనిషి ఒకడే, బట్టల కొట్టు నాగేంద్ర. వాళ్లది కోస్తా కోమటి కుటుంబం. ముగ్గురు తమ్ముళ్లు ఇక్కడి పౌరులైపోయినా ఈయన మాత్రం కాలేదు. ఏటేటా స్టే పర్మిట్ కోసం ఇమిగ్రేషన్ ఆఫీసు బల్లల మీద జీవితంలో సగం గడిపేశాడు. ఆ నీలం బుక్కు వల్ల ఆయనకి దక్కింది మొలలు ఒక్కటే అని బజార్లో నవ్వుకునేవాళ్లం.

"నేనా? ఈ గుంటకి బాబాయినా?" అన్నాడు నాగేంద్ర, బట్టల తాను మడతపెడుతూ. "మీరు బాప్టిస్టులు, నేను సత్యనారాయణ వ్రతం సేసుకునేవోణ్ణి. ఏ వేపునించి బాబాయి?"

"ఇండియా వేపునించి," అన్నాడు బావ.

నాగేంద్ర మడత ఆపాడు. ఆ పాస్‌పోర్టు అవసరమని ఆయన దగ్గరికి ఎవరైనా రావడం అదే మొదలు. గల్లాపెట్టె కింద దాచిన ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, లుంగీకి తుడిచి, మా ముందు పెట్టాడు. పిల్లని ముద్దుచేసినట్టు పెట్టాడు.

"పేరుకే గదా," అన్నాడు. "అవుతాన్లే."

రెండు రోజుల తరవాత కాలేజీ నుంచి వీడియో కాల్. మణిమాల ఆఫీసులోనే, బావా, పిల్లా, నాగేంద్రా, నేనూ తెర ముందు చేరాం. నా జనరేటర్ మీద ఆమె ల్యాప్‌టాప్ నడుస్తోంది, సైన్యం ఆపేసిన ఇంటర్నెట్ ఎవరికీ తెలీని ఏదో దొంగ దారిలో నడుస్తోంది. తెర మీద కాలేజీ అడ్మిషన్ల ఆఫీసరు దండాసి గారు. శ్రీకాకుళం మనిషి. మాట వినగానే మా అందరికీ ప్రాణం లేచొచ్చింది, అచ్చం మా ఇంట్లో మాటే.

"నాగేంద్ర గారి పాస్‌పోర్టు కాపీ సగమే వచ్చింది. కిందంతా నలుపు," అన్నాడు.

"స్కాన్ మధ్యలో కరెంటు పోయిందండీ," అంది మణిమాల.

"ఫర్లేదు, తర్వాత పంపండి. ఆయన స్టే పర్మిట్ ఉంది కదా నా దగ్గర. సూద్దాం." కళ్లజోడు సర్దుకుని ముందు పిల్ల బర్మా కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. "తండ్రి యు. ఎడ్విన్ రాజు. బాగుంది. తల్లి... డీ ఏ డబ్ల్యూ వెరోనికా. ఇదేటి ఇంటిపేరండీ? డావ్? పిల్ల... ఎం.ఏ. ఎస్తేరు రాణి." తల ఎత్తాడు. "ఏటండీ, ఎమ్మే సేసీసిన పిల్లకి బీటెక్ ఎందుకు?"

ఎస్తేరు రాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపో, నాకు ఆ క్షణాన తెలియలేదు.

"ఇక స్పాన్సర్, యు. నాగేంద్ర." ఆయన ముఖం వెలిగింది. "ఓహో! తండ్రిదీ యు, ఈయనదీ యు. ఒకే ఇంటిపేరు! సొంత బాబాయే అన్నమాట. నాకు కాస్త అనుమానం ఉండీది, ఒకరు కిరస్తానీ, ఒకరు బొట్టు. అయినా అన్నదమ్ములు మతం మార్చుకోకూడదని ఉందేటి? ఉప్పాడ వారా మీరు? ఉరిటి వారా?"

మాకప్పుడు అర్థమైంది.

బర్మాలో పెద్దమనిషి పేరుకి ముందు ఊ అంటారు. పెద్దావిడ పేరుకి ముందు డా. కుర్రపిల్లకి మా. మనం పేరు చివర గారు అన్నట్టు, వీళ్లు ముందే అనేస్తారు. ఇంటిపేర్లు ఈ దేశంలో లేవు. మేం కూడా ఎప్పుడో మర్చిపోయాం. బళ్లో రాసే పేరులో, పర్మిట్‌లో, చివరికి చావు కాగితంలో కూడా ఆ ఊ ఉంటుంది. ఆ లెక్కన ఈ దేశంలో సగం మంది మగాళ్లు మా బావకి అన్నదమ్ములే. మమ్మల్ని పట్టుకుపోయే జనరల్స్‌తో సహా.

దండాసి గారు ఆ విషయం తెలీక దేవుడిచ్చిన అన్నదమ్ముల్ని మా ముందు పెట్టేశాడు. బావ కళ్లు నాగేంద్ర వైపు తిరిగాయి. నాగేంద్ర కళ్లు పైకప్పు వైపు.

"అవునండి," అన్నాడు బావ. "మా... మా తమ్ముడేనండి."

"అయితే ఈవేళే అఫిడవిట్ పంపించీండి. రేపు పొద్దున్న నేను లిస్టు విద్యామండలికి..."

"సార్." ఎస్తేరు రాణి తెర ముందుకి జరిగింది. "ఊ అంటే ఇంటిపేరు కాదండి."

"ఏటమ్మా?"

"ఊ అంటే గారు. బర్మాలో ముందు అంటారు. మా నాన్న గారు ఎడ్విన్ రాజు. ఈయన గారు నాగేంద్ర. మా అమ్మ గారు వెరోనికా. మా అంటే నేను చిన్నదాన్నని. ఎమ్మే కాదండి నేను."

"ఓలమ్మా, నోరు ముయ్యవే," అన్నాడు బావ.

"నాగేంద్ర తాతది పాస్‌పోర్టులో వేరే ఇంటిపేరు ఉంది సార్. రేపు అది పూర్తిగా వచ్చాక మీరే సూస్తారు. నా పాస్‌పోర్టు ఎర్రది. ఆయనకీ మాకూ సుట్టరికం లేదు."

'తాత' అన్న మాటకి నాగేంద్ర నొచ్చుకున్నాడు. బాబాయి పోస్టు పోయినందుక్కాదు, వయసు పెరిగినందుకు.

దండాసి గారి భుజాలు ఊగడం మొదలెట్టాయి. నవ్వుతున్నాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"గారు ఎడ్విన్ రాజు! గారు నాగేంద్ర! ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలాటిది సూళ్లేదండీ." తర్వాత ముఖం గట్టిపడింది. "నవ్వుతన్నాను గానీ రాజు గారూ, ఆ అఫిడవిట్ పంపుంటే ఏటయ్యీదో తెలుసా? విద్యామండలి వాళ్లు పాస్‌పోర్టుతో సరిసూసి ఆ పేరు కొట్టేద్దురు. ఏడాది సదివాక కొట్టినా కొట్టేద్దురు. అప్పుడు పిల్ల రెంటికీ సెడీది. ఆ అమ్మాయి మీకంటే బుర్రున్నది."

"తల్లి వైపు," అన్నాను.

"ఫారిన్ కోటాలో సీటుంది. సమానం సర్టిఫికెట్ ఉంది. విదేశీ అభ్యర్థినని డిక్లరేషన్ ఒకటి, పిల్ల సంతకం, తండ్రి సంతకం. రేపు పదకొండు లోపు పంపండి. ఆ సీటు మీకివ్వకపోతే ఖాళీగా ఉండిపోద్ది, వేరే ఎవరికీ ఇవ్వలేను."

బావ లేచి వెళ్లిపోయాడు.

మలుపులో టీ కొట్టు దగ్గర దొరికాడు. చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద పెద్ద మనిషి కూర్చుంటే స్టూలే కనపడదు. డిక్లరేషన్ కాగితం మణిమాల నా చేతికిచ్చి పంపింది. బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు.

"సంతకం పెట్టు బావా."

"ఎల్లు."

"రేపు పదకొండు దాటితే పెట్టినా పనికిరాదు."

"నా సేత్తో నా కూతురు ఫారినరని నేను రాయాల? మా తాత ఆ మట్టిలో పుట్టాడు. మా తాతని ఎవుడడిగాడు మిల్లులో బస్తాలు మోయమని?"

"మీ తాతకి ఏ కోటాలో సీటొచ్చిందో గానీ, ఓడ మీద నించునే సీటే."

ఇంతలో టీ కొట్టు ఓనరు, ముప్ఫయ్యేళ్లుగా మాకు టీ పోస్తున్నవాడు, రెండో గ్లాసు కోసం దూరంనించి కేకేశాడు. "ఏయ్ కలా! తీపి ఎక్కువా తక్కువా?" కలా అంటే ఇక్కడ మాలాంటి వాళ్లకున్న పేరు. ఇండియావాడు, నల్లవాడు, బయటివాడు అన్నీ కలిపి ఒకే మాట. అతను దురుద్దేశంతో అనలేదు. మేం పుట్టకముందునించీ అంటున్న మాట అది.

బావ తల వంచుకుని గ్లాసులోకి చూశాడు. "ఇక్కడ బయటోణ్ణి. అక్కడా బయటోణ్ణేనట."

"ఇక్కడ ఊరికే అంటన్నారు," అన్నాను. "అక్కడ అదే మాటకి సీటిస్తన్నారు."

నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. నిజానికి కొడితే నాకూ నచ్చేదే, చాలా రోజులుగా అతన్ని తిరిగి కొట్టడానికి నాకో కారణం కావాలి. కొట్టలేదు. రోడ్డవతల, వార్డు ఆఫీసు మనిషి ఇద్దరు సిపాయిలతో ఇళ్ల నంబర్లు చూసుకుంటూ వెళ్తున్నాడు. మమ్మల్ని చూసి మర్యాదగా తల ఊపాడు.

బావ జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మీద 'విదేశీ అభ్యర్థి' అన్నచోట కాసేపు ఆపాడు. తర్వాత, నా పుట్టుకలో నేను చూడనంత కోపంగా, సంతకం పెట్టాడు. ముందు అలవాటుగా ఊ అని రాసి, గట్టిగా కొట్టేశాడు.

"ఇది మాత్రం నాకొద్దు," అన్నాడు. "దీంతోనే వచ్చింది తంటా అంతా."

వీసా వచ్చింది. ఆగిపోయిన విమానాలు మళ్లీ మొదలయ్యాయి. మింగళాడోన్ విమానాశ్రయంలో పిల్ల వెళ్లేటప్పుడు మా అక్క ఏడ్చింది. బావ ఏడవలేదు. అతను ఇమిగ్రేషన్ క్యూకి ఇవతల నిలబడి నాగేంద్రకి స్టే పర్మిట్ గురించి సలహాలిస్తున్నాడు. పిల్లకి తాతగా వీడ్కోలు చెప్పడానికొచ్చాడు పాపం ఆయన.

నెల తర్వాత ఎస్తేరు రాణి ఫోటో పంపింది. దొంగ దారి ఇంటర్నెట్‌లో అది దిగడానికి జనరేటర్‌లో ఒక లీటరు డీజిల్ ఖర్చయింది. కాలేజీ గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ. విదేశీ విద్యార్థులకి స్వాగతం అని. నేపాల్ వాళ్లు, టాంజానియా వాళ్లు, ముఖాల కింద పేర్లు. చివర మా పిల్ల ఫోటో. దండాసి గారు దగ్గరుండి రాయించాడట, పాస్‌పోర్టు పేరు కాదు, బర్మా కాగితాల్లోని పేరే, ఒక్క అక్షరం పోకుండా, తెలుగులో.

*మా ఎస్తేరు రాణి.*

బావ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఫోన్ పట్టుకుని మెట్లు దిగి, టీ కొట్టు దాటి, నాగేంద్ర కొట్టు దాకా వెళ్లి అందరికీ చూపించాడు. నేనూ వెనకే వెళ్లాను.

"సూడండ్రా! మా అంట! మా పిల్ల అని రాసారు ఇండియావోళ్లు!"

అది కుర్రపిల్ల అనే మా అని, దానికి ఇండియాతో ఏమీ సంబంధం లేదని నాకు తెలుసు. మణిమాలకి తెలుసు. నాగేంద్రకి కూడా తెలుసు. బావకీ తెలుసు, తెలియకపోవడానికి అతనేం పిచ్చివాడు కాదు.

కొట్లో జనరేటర్ ఆగిపోయింది. ముఖం ఎవరికీ కనపడకుండా, నేను బాగుచేస్తున్నట్టు కిందకి వంగాను.